బోడి మల్లన్న మనోగతం

రిఫరల్ అడిగినవాళ్లు ఉద్యోగం సంగతి తేలాక, వచ్చినా రాకపోయినా, రిఫర్ చేసినవాడికి కబురు చెప్పాలని కొందరు వాదిస్తున్నారు. ఈ ధోరణిని మొగ్గలోనే తుంచేయాలి. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్నారు పెద్దలు. ఒడ్డెక్కాక 'మల్లన్నా, క్షేమంగా దిగాను' అని వెనక్కి కేకేసిన మనిషి ఆ సామెతలో ఎక్కడా లేడు.

మా అన్నయ్య వరసాయన కొడుకునే తీసుకోండి. రాత్రి పదకొండుకి వాట్సాప్‌లో రెజ్యూమే, జాబ్ ఐడీ, నాలుగు దండాల బొమ్మలు. 'బాబాయ్, మీరే దిక్కు.' మా కంపెనీ పోర్టల్‌లో వాడి పేరు పెట్టాను. మూడు రౌండ్లు ముగిసేదాకా రోజుకో ఫోన్. ఆఫర్ వచ్చిన రోజు నుంచి ఫోన్లు లేవు. వాడికి 90 రోజుల నోటీసు పీరియడ్. ఆ 90 రోజుల్లో మా ఆఫర్ చూపించి ఇంకోచోట ఎక్కువకి బేరమాడుకున్నాడు. అందులో తప్పేం లేదు, నేనైనా ఆడేవాణ్ణే.

నాకు పోర్టల్‌లో కనిపించేది 'ఆఫర్ ఇచ్చారు' అన్న ఒక్క ముక్క. అందుకే క్యాంటీన్‌లో మేనేజర్ "మీవాడు సోమవారం వస్తున్నాడుగా?" అంటే, ఇడ్లీ నములుతూనే "ఎందుకు రాడండీ" అని హామీ ఇచ్చేశాను. సోమవారం బల్ల మీద ల్యాప్‌టాప్ వచ్చింది, ఐడీ కార్డు వచ్చింది, వాడు రాలేదు. మధ్యాహ్నం లింక్డ్‌ఇన్‌లో వేరే కంపెనీ టీషర్టులో నవ్వుతూ కనిపించాడు. లైక్ కొట్టాను. చేరినవాడు మూడు నెలలు నిలబడితేనే నాకు రిఫరల్ బోనస్. దాన్ని నమ్ముకుని మా ఆవిడ అప్పటికే మిక్సీ కొనేసింది.

సెలెక్ట్ కానివాళ్ల మౌనం ఇంకా ఉదాత్తమైనది. అలాంటి కుర్రాడొకడు పెళ్లి భోజనాల్లో నన్ను చూసి, పెరుగు రాకముందే విస్తరి మడిచి లేచిపోయాడు. 'రెండో రౌండ్‌లో పోయిందండీ, ఎస్‌క్యూఎల్ దగ్గర దొరికిపోయాను' అని ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే, మా దగ్గర ఆరు నెలలు ఆగాకే మళ్లీ అప్లై చేయనిస్తారని చెప్పేవాణ్ణి. ఈలోగా ఏం చదువుకోవాలో కూడా చెప్పేవాణ్ణి. కానీ పౌరుషం గల పిల్లాడు. మూడో నెలలోనే కన్సల్టెన్సీ ద్వారా పెట్టాడు. సిస్టమ్ పాత పేరు గుర్తుపట్టి తిప్పి పంపింది.

ఇక మా సోమవారం సంగతి. రెండో స్థానంలో వచ్చిన అమ్మాయికి మేనేజర్ పరుగున ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి ముందు వారమే వేరేచోట చేరిపోయింది. చేరేముందు తనని రిఫర్ చేసినాయనకి చెప్పిందట, ఆయన మేనేజర్‌కీ చెప్పాడట. నా హామీ ఉంది కదా అని మేనేజర్ పట్టించుకోలేదు. ఇప్పుడాయన క్యాంటీన్‌లో వేరే బల్ల దగ్గర కూర్చుంటున్నాడు.