బండ వచ్చింది, నీళ్ల పొయ్యి ఆరలేదు

నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర మా పిన్ని వాళ్లింట్లో గ్యాస్ ఉంది. అన్నం, కూర దాని మీదే. కానీ తెల్లారేసరికి పెరటి వైపు రేకుల పంచలో కాగు కింద మంట లేవాలి. తుమ్మ కంప, మంచుకు తడిసిన పొగాకు కట్టె. తడి కట్టె ఒకపట్టాన అంటుకోదు, పొగ మాత్రం పంచంతా కమ్ముకుంటుంది. ఆ పొగలోనే వంగి ఊదుగొట్టం ఊదేది పిన్నే.

ఆయాసమని ఆస్పత్రికి వెళితే మొదట అడిగింది చుట్ట, బీడీ అలవాటుందా అని. లేదంది. ఉబ్బసమని మాత్రలు రాశారు. నాలుగేళ్లు అవే మింగింది. చివరికి ఒక డాక్టరు గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష చేశారు. ఊదిన మొత్తం గాలిలో మొదటి సెకనులో ఎంత బయటికొస్తుందో చూస్తారు. ఊపిరి గొట్టాలు తెరుచుకునే మందు పీల్చాక కూడా అది 70 శాతం దాటకపోతే, ఊపిరి గొట్టాలు శాశ్వతంగా సన్నబడే సీఓపీడీ జబ్బని అనుమానించాలి. పిన్నికి 58 వచ్చింది. ఉబ్బసంలో బిగిసిన గొట్టాలు మందుకు చాలావరకు తెరుచుకుంటాయి. ఏళ్ల తరబడి పొగకు మచ్చకట్టి సన్నబడినవి తెరుచుకోవు. పోయిన ఊపిరి తిరిగి రాదు. పొగ ఆపితే మిగిలినదైనా నిలుస్తుంది.

రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు బండలు ఉచితమే కదా, ఇంకా కట్టెలెందుకని అడిగేవాళ్లు ఒక్కసారి లెక్క వేసి చూడాలి. ఇరవై లీటర్ల బకెట్‌ను ఇరవై డిగ్రీలు వేడి చేయాలంటే దాదాపు 65 గ్రాముల గ్యాస్ కావాలి. నలుగురికి రోజూ నాలుగు బకెట్లంటే 14.2 కిలోల బండ రెండు నెలలు కూడా రాదు, అదీ వంట సంగతి పక్కన పెడితే. అందుకే ఏ ఇల్లాలైనా బండను వంటకు దాచుకుని నీళ్లకు కంప వెలిగిస్తుంది. పొగ గొట్టం పెట్టిన మెరుగైన పొయ్యిలు చాలంటారు కొందరు. ఒడిశాలో అవి పంచి కొన్నేళ్లు గమనిస్తే, మొదటి ఏడాది కాస్త తగ్గిన పొగ తర్వాత మళ్లీ మామూలే అయింది. పొయ్యిలు పగిలాయి, బాగుచేయించిన వాళ్లు తక్కువ.

నా మాట ఒక్కటే: నీళ్లను కరెంటుకు మార్చండి. ఆ బకెట్‌కు పట్టేది అర యూనిట్. కిలోవాట్ హీటరు రాడ్డుకు అరగంట పని. ప్లగ్గు పీకకుండా నీళ్లలో చెయ్యి పెడితే ప్రాణం పోవచ్చు కాబట్టి, ఎర్తింగ్ ఉన్న గోడ గీజరో, డాబా మీద సోలార్ హీటరో ఇంకా మేలు.

ఇన్నాళ్లూ ఇది ఎవరికీ తట్టకపోవడానికి కారణం, కంప ఊరికే వస్తుందనుకోవడం. ముళ్లు గుచ్చుకుంటూ కొట్టి, మోపు నెత్తినెత్తుకుని తెచ్చేది ఆడమనిషి. ఆ కూలి ఏ లెక్కలోనూ రాయరు కాబట్టి అది ఊరికే వచ్చినట్టుంది. పొలంలో మోటారుకు కరెంటు ఉచితంగా ఇస్తున్నాం. అలాంటిది, ఆమె స్నానాల నీళ్లకు నెలకు అరవై యూనిట్లు ఇవ్వడానికి అడ్డేముంది?