సవరణ: మధ్య ధరను తొందరపడి కొట్టేశాను

ఇద్దరు అమ్మకందారులు ధర నిర్ణయించే ఆటలో, ఎదుటివాడు ఏం చేసినా వేరే ధరకంటే తక్కువ లాభమిచ్చే ధరలను అడుగడుగునా కొట్టేస్తూ ముందు ఒక జవాబు చెప్పాను. అందులో మధ్య ధరను మొదటి అడుగులోనే తీసేశాను. దానిపై వచ్చిన ప్రశ్న ఇది:

“ఎదుటివాడు ఎక్కువ ధర పెడితే మధ్య ధరకు 12, తక్కువకు 9 వస్తుంది కదా. మరి మొదటి అడుగులోనే మధ్య ధరను ఎలా తీసేశారు?”

తీసేయకూడదు, తప్పు నాదే. అడ్డువరుసలు మన ధరలు, నిలువు వరుసలు ఎదుటివాడి ధరలు, అంకెలు మన లాభం. అతని పట్టిక కూడా ఇలాంటిదే.

```
          ఎక్కువ  మధ్య  తక్కువ
ఎక్కువ      10     4      1
మధ్య        12     7      2
తక్కువ       9     8      3
```

మొదటి అడుగులో పోయేది ఎక్కువ ధర ఒక్కటే. అతను ఏం చేసినా మధ్య ధర దానికంటే మెరుగు: 12, 7, 2 ముందు 10, 4, 1 నిలవవు. తక్కువ ధర మాత్రం అప్పటికి దేన్నీ డామినేట్ చేయదు, అంటే అన్ని నిలువు వరుసల్లోనూ దేన్నీ మించదు; 9 దగ్గరే ఆగిపోతుంది.

అతను కూడా ఇదే లెక్కతో ఎక్కువ ధరను వదిలేస్తాడు. అంటే మన పట్టికలో అడ్డువరుసతో పాటు ఆ నిలువు వరుసనూ కొట్టేయాలి. నేను మరిచిపోయింది ఇదే. ఆ 12, 9 రెండూ దాంతోనే పోతాయి. ఇప్పుడు 7 కంటే 8, 2 కంటే 3 ఎక్కువ కాబట్టి మధ్య ధర పోతుంది.

చివరికి ఇద్దరిదీ తక్కువ ధరే, చెరి 3. జవాబు మారలేదు గానీ, రెండో అడుగు వేయాలంటే అతను తెలివిగా ఆడతాడని మనం నమ్మాలి. మొదటి అడుగుకు ఆ నమ్మకం అక్కర్లేదు.