తిలాపాపం తలా ఎంత?

తాతగారి ఇంటి మీద మా కుటుంబానికున్న ప్రేమను ఎవరూ శంకించలేరు. ఆ అవకాశం ఏడాదికి ఒక్కసారి, ఆస్తిపన్ను నోటీసు వచ్చినప్పుడు మాత్రమే దొరుకుతుంది. నోటీసు ఇప్పటికీ తాతగారి పేరు మీదే వస్తుంది. పోయి ఇన్నేళ్లయినా ఆ ఇంటి బాధ్యతను వెనుకాడకుండా మోస్తున్నది ఆయన ఒక్కరే.

మేం ఏడుగురం, తలా ఒక ఊళ్లో ఉన్నాం. తాతగారికి ముగ్గురు కొడుకులు. ఆ తరం కూడా దాటిపోయింది. పెదనాన్నకు ఒక్కడే కొడుకు. మా నాన్నకు నేను, చెల్లి. బాబాయికి నలుగురు. పన్ను, ఇంటి మరమ్మతులు కలిపి ఈ ఏడాది ఖర్చు 84 వేలు అనుకోండి. మా ఇంట్లో అంకగణితం రెండు మతాలుగా చీలింది ఇక్కడే.

తలలవారీ మతం ప్రకారం మనిషికి 12 వేలు. శాఖలవారీ మతం ప్రకారం ముందు ఒక్కో కొడుకు శాఖకు 28 వేలు, ఆ తర్వాత శాఖలో ఉన్నవాళ్లు పంచుకోవాలి. అంటే పెదనాన్న కొడుక్కి 28, నాకూ చెల్లికీ చెరి 14, బాబాయి పిల్లలకు తలా 7.

పెదనాన్న కొడుకు సమతావాది. “మనమంతా ఒక్కటే కదరా, ఈ శాఖలేమిటి?” అని గద్గదస్వరంతో అడుగుతాడు. బాబాయి పిల్లలు సంప్రదాయవాదులు. తాతగారికి కొడుకులు ముగ్గురే తప్ప ఏడుగురు కారని నలుగురూ ఒకే గొంతుతో గుర్తుచేస్తారు. వీళ్ల సిద్ధాంతనిష్ఠకు నేను చేతులెత్తి మొక్కేవాణ్ణి. కానీ మొన్న ఎవరో నోరు జారి “అమ్మేస్తే ఎంతొస్తుందో!” అన్నారు. నిమిషంలో సామూహిక మతమార్పిడి జరిగిపోయింది. అన్నయ్యకు శాఖలు గుర్తొచ్చాయి. బాబాయి పిల్లలకు మనమంతా ఒక్కటేనన్న జ్ఞానోదయమైంది.

నిజానికి దీని పరీక్ష చాలా చిన్నది. అమ్మితే ఎవరికి ఎంత భాగం వస్తుందో, ఖర్చులోనూ అంతే భాగం. తండ్రి వాటాయే పిల్లలకు దిగుతుంది కాబట్టి, వీలునామా వేరేగా చెబితే తప్ప, మా లెక్క శాఖలవారీదే. అన్నయ్యది మూడో వంతు, బాబాయి పిల్లలది తలా పన్నెండో వంతు. ఈ మాట ఒక కాగితం మీద రాసి ఏడుగురం సంతకాలు పెడితే పదినిమిషాల పని. అందుకే ఆ జోలికి ఎవరూ పోలేదు.

ఈలోగా పైకప్పు తన దారి తాను చూసుకుంది. మొదట జారింది ఒక్కటే పెంకు. కింద గోడ మీద అరచేతంత మరక కనిపించినప్పుడు నిచ్చెన వేసి సర్దితే ఒక పూట కూలితో పోయేది. ఆ కూలిని తలల లెక్కన పంచాలా శాఖల లెక్కనా అన్నది తేలలేదు. రెండో వానాకాలానికి నీళ్లు వాసంలోకి దిగాయి. ఇప్పుడు ఆ వాసాన్ని గోటితో నొక్కితే తడిసిన అట్టలా లోపలికి పోతుంది. వాసం మార్చాలంటే దాని మీది పెంకులన్నీ దించాలి. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దలు ఊరికే అనలేదు; ఆ గొర్రె ఖర్చు కూడా ఇలాగే పంచుకుని ఉంటారు.

ఆ మరకను మొదట చూసింది దగ్గరి ఊళ్లో ఉన్న తమ్ముడు. పన్ను కట్టేదీ, పనివాళ్లను వెతికేదీ వాడే. వాడి బస్సు ఛార్జీలను ఖర్చులో కలుపుదామంటే, పుణ్యానికి వెలకట్టకూడదని అందరం ఏకగ్రీవంగా తీర్మానించాం. మా చరిత్రలో ఏకగ్రీవ తీర్మానం అదొక్కటే. రసీదులన్నీ వాడి దగ్గరున్నాయి కాబట్టి ఇల్లు కాజేస్తాడేమోనన్న అనుమానం కూడా లేకపోలేదు. పన్ను కట్టినంత మాత్రాన యజమాని అయిపోరు. మహా అయితే మా వాటా డబ్బులు మమ్మల్ని అడిగే హక్కు వస్తుంది. వాడు అడుగుతూనే ఉన్నాడు.

అన్నయ్య సంగతి వేరు. వచ్చినప్పుడు తాను పడుకునే గదికి, ఎవరినీ అడగకుండా, నున్నటి పలకలు పరిపించి ఆ బిల్లును ఉమ్మడి ఖాతాలో వేశాడు. ఇల్లు కూలకుండా ఆపే ఖర్చు అందరిది, ముచ్చట ఖర్చు ముచ్చటపడినవాడిది అని చెల్లి తేల్చేసింది. ఆ పలకల మీద ఇప్పుడు కప్పులోంచి కారే నీళ్లకు బకెట్టు పెట్టారు.

ఇన్ని గొడవల మధ్య నేనొక్కణ్ణే తటస్థుణ్ణి. ఏ లెక్కయినా నాకు తేడా రెండు వేలే కాబట్టి మధ్యవర్తిగా కూడా నన్నే ఎన్నుకున్నారు. శాఖలవారీ లెక్కే న్యాయమని పైన నేనే రాశాను, కాదనను. కాకపోతే ఈ ఒక్క ఏడాదికి తలల లెక్కలోనే మానవత్వం కాస్త ఎక్కువగా కనిపిస్తోంది.