బిడ్డ ఫీజుకు పీఎఫ్ తీసే ముందు చూడాల్సిన లెక్క

తిరుపతిలో ముత్యాలరెడ్డిపల్లి వైపు ఉండే ఒక మిత్రుడు కౌన్సెలింగ్ అయిన వారం ఫోన్ చేసి ఇంటికి రమ్మన్నాడు. రేణిగుంట దగ్గర ఒక కర్మాగారంలో సూపర్‌వైజర్. వయసు 50. చేతికి వచ్చే జీతం 42 వేలు. పెద్దమ్మాయికి వేరే ఊళ్లో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది, అబ్బాయి ఎనిమిదో తరగతి. టీపాయ్ మీద కాలేజీ ఇచ్చిన ఫీజు కాగితం, పక్కనే సెల్‌ఫోన్‌లో పీఎఫ్ పాస్‌బుక్. ట్యూషన్ ఏడాదికి లక్షన్నర, హాస్టల్, మెస్ కలిపి లక్ష. నాలుగేళ్లకు మొత్తం 10 లక్షలు. పాస్‌బుక్‌లో 13 లక్షలుంది.

"ఇప్పుడు ముప్పావు దాకా తీసుకోవచ్చంట నా. ఏటా ఫీజు టైముకు కొంచెం కొంచెం తీస్తా. లోన్ అంటే బిడ్డ మీద అప్పు పెట్టినట్టే కదా" అన్నాడు. లీలామహల్ సర్కిల్ దగ్గర నెట్ సెంటర్‌లో క్లెయిమ్ పెట్టడానికి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు కూడా తీయించి పెట్టుకున్నాడు.

అతను విన్న మాటలో నిజం ఉంది. పాత నియమం ప్రకారం పిల్లల పైచదువుకు పీఎఫ్ తీసుకునే ఫారం 31 పెట్టాలంటే ఏడేళ్ల సర్వీసు ఉండాలి. అప్పుడు కూడా ఉద్యోగి తన వాటాగా కట్టిన సొమ్ము, దాని వడ్డీ కలిపి అందులో సగమే వస్తుంది, అదీ సర్వీసు మొత్తంలో మూడుసార్లే. 2025 అక్టోబరులో ఈపీఎఫ్ఓ ధర్మకర్తల మండలి ఈ నియమాలను సడలించడానికి ఆమోదం తెలిపింది. ఏడాది సర్వీసు చాలు, చదువు కోసం పదిసార్ల దాకా తీసుకోవచ్చు, యజమాని వాటాను కూడా కలిపి లెక్కిస్తారు, ఖాతాలో పాతిక శాతం మాత్రం ఉంచాలి. ఇది నా మిత్రుడి విషయంలో ఏం చేస్తుందో చూడండి. పాత పద్ధతిలో అతనికి వచ్చేది దాదాపు 4 లక్షలు. కొత్త లెక్కలో 9 లక్షల 75 వేలు. ఇన్నాళ్లూ 'ఇంతకు మించి రాదు' అన్న నియమమే అతని ముసలితనానికి కాపలా కాసింది. ఇకపై ఆ పని అతనే చేసుకోవాలి.

ముందు పీఎఫ్ తరఫున ఉన్న వాదన నిజాయితీగా చెప్పుకోవాలి. పీఎఫ్ మీద 2024-25కు ఇచ్చిన వడ్డీ 8.25 శాతం. చదువు లోన్ 10 శాతం దగ్గర దొరుకుతుందనుకుందాం. 8.25 వచ్చే డబ్బును కదపకుండా ఉంచి, 10 శాతానికి అప్పు తేవడం ఏం తెలివి అని ఎవరైనా అడుగుతారు. వడ్డీ ఒక్కటే చూస్తే ఆ ప్రశ్న సరైనదే. కానీ ఇందులో కనిపించని షరతు ఒకటుంది. లోన్ తీసుకుంటే నెలనెలా ఎంత కట్టేవాళ్లో అంతా తిరిగి పీఎఫ్‌లో వేస్తేనే ఆ లెక్క నిలుస్తుంది. వీపీఎఫ్ పేరుతో జీతంలోంచి అదనంగా కోయించుకునే వీలు ఉంది. ఎందరు చేస్తున్నారు? పీఎఫ్ తీసినవాళ్లను చాలామందిని చూశాను. తిరిగి నింపినవాళ్లను ఒక్కరినీ చూడలేదు. బ్యాంకు ఈఎంఐ తప్పితే ఫోన్లు వస్తాయి. పీఎఫ్‌లో పడిన గుంట గురించి ఎవరూ ఫోన్ చేయరు. 58 ఏళ్లు నిండిన రోజున తప్ప అది కంటికి కనపడదు.

ఆ గుంట ఎంతో కాగితం మీద వేసి చూపించాను. ట్యూషన్ వరకే అనుకుందాం, ఏడాదికి లక్షన్నర చొప్పున నాలుగేళ్లు, మొత్తం 6 లక్షలు. ఇదే వడ్డీ కొనసాగితే, అతను రిటైరయ్యేనాటికి ఆ 6 లక్షలు 10 లక్షలు అయ్యేవి. కదపకుండా ఉంచితే అతని 13 లక్షలు, ఇకపై నెలనెలా చేరేది కలిసి 58వ ఏట 30 లక్షలు దాటుతుంది. తీస్తే 20 లక్షల చిల్లర. హాస్టల్ ఖర్చు కూడా అందులోంచే తీస్తే 14 లక్షలు కూడా మిగలవు.

లక్షల్లో చెబితే ఆ తేడా మనసుకెక్కదు, నెలకు ఎంతో చూడాలి. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో 30 లక్షల దాకా పెట్టవచ్చు, 8.2 శాతం వడ్డీ వస్తోంది. 30 లక్షలు పెడితే వడ్డీ సగటున నెలకు 20,500 అవుతుంది. 20 లక్షలు పెడితే 13,700. తేడా దాదాపు 6,800. ఇక పీఎఫ్‌తో పాటు ఉండే ఈపీఎస్ పింఛను ఎంతంటే, జీతం ఎంత ఉన్నా 15 వేల వరకే లెక్కలోకి తీసుకుంటారు, 2014కు ముందు సర్వీసుకు ఆ పరిమితి ఇంకా తక్కువ. 2001లో చేరిన నా మిత్రుడికి అది 6 వేల లోపే వస్తుంది. అంటే ట్యూషన్ ఫీజుకు పీఎఫ్ తీయడమంటే పింఛను మొత్తం వదులుకున్నంత పని. అది ఒక నెలకో ఏడాదికో కాదు. భార్యాభర్తల్లో ఆఖరికి ఎవరు మిగిలితే వాళ్లు పోయేదాకా.

ఈ అంకె విన్నాక అతని భార్య మొదటిసారి మాట్లాడింది. "అప్పుడు మందులకు కూడా వీళ్లనే అడగాల."

ఇప్పుడు లోన్ లెక్క. ట్యూషన్‌కు మాత్రమే 6 లక్షలు తీసుకోవాలి, అదీ ఏటా లక్షన్నర చొప్పున కాలేజీ ఖాతాకే పోతుంది. కోర్సు నాలుగేళ్లు, ఆపైన ఒక ఏడాది ఈఎంఐ ఉండదు, సాధారణ వడ్డీ మాత్రం లెక్కపడుతూ ఉంటుంది. ఇక్కడే చాలా కుటుంబాలు దెబ్బతింటాయి. 'ఇప్పుడేం కట్టక్కర్లేదు' అన్న మాట పట్టుకుని ఐదేళ్లు వదిలేస్తారు. అప్పుడు 6 లక్షల లోన్ 8 లక్షల 10 వేలై కూర్చుంటుంది. ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు 13,450. అదే ఆ ఐదేళ్లూ వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేస్తే, మొదటి ఏడు నెలకు 1,250, రెండో ఏడు 2,500, మూడో ఏడు 3,750, ఆ తర్వాత 5 వేలు అవుతుంది. అమ్మాయి ఉద్యోగంలో చేరేసరికి అసలు 6 లక్షలే ఉంటుంది. ఈఎంఐ ఏడేళ్లకైతే 9,960, పదేళ్లకైతే 7,930.

అంటే హాస్టల్ ఖర్చు, ఈ వడ్డీ నాన్న జీతంలోంచి. అసలు అమ్మాయి జీతంలోంచి. పీఎఫ్ ఎవరూ ముట్టుకోరు. నాలుగో ఏడు నాన్నకు నెలకు 13 వేలు పైనే పోతాయి. 42 వేల ఇంట్లో అది సులువు కాదు, సులువని నేను చెప్పను. కానీ ఆ ఇబ్బంది జీతం వచ్చే రోజుల్లో పడేది. జీతం ఆగాక పడేది కాదు.

లోన్ కూడా గుడ్డిగా తీసుకునేది కాదు. అమ్మాయికి మొదటి జీతం 30 వేలు వస్తే పదేళ్ల ఈఎంఐ అందులో పాతిక శాతం దాటి ఉంటుంది. అంతకు మించితే ఇబ్బందే. కాబట్టి ఆ కాలేజీలో చదివినవాళ్లకు నిజంగా ఎంత వస్తోందో ముందే తెలుసుకోవాలి. ఫ్లెక్సీల మీద వేసే ఒకరిద్దరి ప్యాకేజీ చూసి ఏమీ తెలియదు. కేంద్రం కాలేజీలకు ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసే ప్రతి కాలేజీ ఎంతమంది చదువు ముగించారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మధ్యస్థ జీతం ఎంత అన్న వివరాలు ఇస్తుంది. ఆ కాగితం కాలేజీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. అసలు ఆ వివరాలే లేని కాలేజీకి 10 లక్షలు పెట్టే ముందు ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ లాంటి చోట్ల సీటు దొరికే అవకాశం ఉందా అని మరోసారి చూడాలి. ఇంట్లో ఉండి చదివితే ఒక్క హాస్టల్ లెక్కలోనే 4 లక్షలు మిగిలేవి. నా మిత్రుడి కూతురికి ర్యాంకు అందలేదు. అందిన వాళ్లు కూడా 'ఊళ్లో కాలేజీయే కదా' అని తేలిగ్గా వదిలేయడం బాధగా ఉంటుంది.

బ్యాంకు దగ్గర తెలిసి ఉండాల్సింది కొంచెమే. 4 లక్షల దాకా తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఏడున్నర లక్షల దాకా కేంద్రం గ్యారంటీ నిధి ఉంది కాబట్టి 6 లక్షలకు ఇంటి పత్రాలు పెట్టమంటే ఎందుకో అడగవచ్చు. దరఖాస్తు తిరస్కరించాలంటే బ్రాంచి మేనేజరు పై అధికారి సమ్మతి తీసుకోవాలి, అందుకే కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపుంటే, కోర్సు అర్హత ఉన్నదైతే, చదువుకునే కాలంలో వడ్డీ కేంద్రమే భరించే పథకం ఉంది. ఎంపిక చేసిన కాలేజీలకు పీఎం విద్యాలక్ష్మి కింద 8 లక్షల ఆదాయం దాకా 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మేనేజ్‌మెంట్ కోటా సీటైతే దానికి ఆశ పెట్టుకోవద్దు. నాన్న సహ రుణగ్రహీత కాబట్టి అతని సిబిల్ చూస్తారు. ఎప్పుడో తీసుకున్న బైకు లోన్‌లో రెండు కంతులు తప్పిన సంగతి మా వాడికి అక్కడే గుర్తొచ్చింది.

ఇవన్నీ విన్నాక కూడా అతను ఊగిసలాడింది డబ్బు గురించి కాదు. "మగపిల్లోడైతే లోన్ పెట్టేసి ఉందును నా. ఆడబిడ్డ మీద అప్పుంటే రేపు సంబంధాలొస్తాయా?"

ఈ మాట మన జిల్లాలో ఎన్ని ఇళ్లల్లో విన్నానో లెక్కలేదు. కొడుక్కి లోన్, కూతురికి పీఎఫ్. ప్రేమతో చేసేదే, కాదనను. కానీ ఆ ప్రేమ ఎటు తిరుగుతుందో చూడాలి. 60 దాటాక చేతిలో డబ్బు లేని తల్లిదండ్రులకు నెలనెలా పంపాల్సింది అదే కూతురు, అప్పుడామె వేరే ఇంటి ఖర్చుల మధ్య ఉంటుంది. ఆ బాధ్యతకు గడువు లేదు, ఈఎంఐకి ఏడేళ్లో పదేళ్లో గడువుంది. సంబంధం మాట్లాడేటప్పుడు 'ఇంత లోన్ ఉంది, తన జీతంలోంచి తనే కడుతోంది' అని సూటిగా చెప్పొచ్చు. దానికి వెనక్కి పోయే సంబంధం ఇంకెన్నింటికి వెనక్కి పోతుందో ముందే తెలిసిపోతుంది. పైగా ఆ ఇంట్లో తమ్ముడున్నాడు. వాడు ఇంటర్ ముగించేసరికి నాన్నకు 55. అక్కకు పీఎఫ్ తీస్తే వాడి వంతుకు మిగిలేది తక్కువ, దాన్ని కూడా తీస్తే అమ్మానాన్నలకు మిగిలేది ఏమీ ఉండదు.

పీఎఫ్ అసలు ముట్టుకోకూడదని నేననను. లోన్ మంజూరు ఆలస్యమై మొదటి ఫీజు గడువు దాటిపోతుంటే ఒక్కసారి తీయడం తప్పు కాదు. అయితే అదే నెల హెచ్ఆర్‌కు ఉత్తరం ఇచ్చి, అంత మొత్తం తిరిగి చేరేదాకా వీపీఎఫ్ కోయించుకోవాలి. ఉత్తరం ఇవ్వకుండా 'తర్వాత చూద్దాం' అనుకుంటే అది తిరిగి చేరదు.

మా వాడి పని కూడా అంత సాఫీగా ఏమీ జరగలేదు. సిబిల్‌లో ఉన్న బైకు లోన్ బాకీ కట్టి, నో డ్యూ తెచ్చి, అది ఎక్కేదాకా ఆగాల్సి వచ్చింది. మొదటి కంతు ఫీజుకు వాళ్లావిడ గాజులు కొన్ని నెలలు బ్యాంకులో పెట్టింది. లోన్ వచ్చాక మొదటి నెల వడ్డీ 1,250 అమ్మాయి ఫోన్‌లోంచే కట్టించారు. తన పేరు మీద ఎంత ఉందో తనకు ప్రతి నెలా కనపడాలని వాళ్లమ్మ అలా పెట్టించింది.