పాస్‌బుక్ అట్ట మీద తెలుగు, లోపల కోడ్‌లు

చీపురుపల్లిలో ఉండే మా చిన్నమ్మ 2025 మే నెల స్టేట్‌మెంట్ నా ముందు పెట్టి, "ఈ రెండూ నేను కట్టినవి కావురా, ఇవేటి?" అంది.

```
26-05-25 UPI/DR/514612345678/S LAKSHMI/YESB 240.00
27-05-25 PMJJBY RENEWAL                     436.00
```

మొదటిదాని సంగతి త్వరగానే తేలింది. DR అంటే డబ్బు పోయిందని. ఆ 12 అంకెల నంబరులో సాధారణంగా మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, తర్వాతి మూడూ ఏడాదిలో ఎన్నో రోజన్నది. 146వ రోజు అంటే మే 26. ఫోన్ యూపీఐ హిస్టరీలో అదే నంబరు దొరికింది. ఆ రోజు విజయనగరంలో చేపలు కొంది. క్యూఆర్ కోడ్ చేపలాయన భార్య పేరు మీద ఉంది, అంతే. YESB అన్నది ఆ క్యూఆర్ వెనకున్న బ్యాంకు.

రెండోదే అసలు పేచీ. అది ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా. ఏటా 436 రూపాయలు, మే ఆఖర్లో దానంతటదే కోత పడుతుంది. చిన్నమ్మకు ఇదే బీమా ఇంకో బ్యాంకులోనూ ఉంది. రెండు ఖాతాల్లో కోసినా మనిషికి దక్కే కవరు ఒకటే, 2 లక్షలు. రెండోసారి కట్టిన ప్రీమియం పోయినట్టే లెక్క, పథకం నిబంధనల్లోనే ఆ మాట ఉంది. మోసమైతే ఎవరో ఒకరు పట్టుకునేవారేమో. ఇది చట్టబద్ధమైన కోత, పైగా చిన్న మొత్తం, ఏడాదికోసారే వస్తుంది. అందుకే ఎవరి కంటా పడదు.

"ఎస్సెమ్మెస్ పంపుతాం కదా, దేశమంతా ఒకటే సాఫ్ట్‌వేర్, కోడ్‌లు లేకుండా ఎలా?" అంటారు బ్యాంకువాళ్లు. కోడ్ ఉండనివ్వండి. పక్కన "జీవిత బీమా, ఏడాది ప్రీమియం" అని నాలుగు ముక్కలు అచ్చు వేయడానికి అడ్డేమిటి? ఇదే పథకంలో చేర్చుకునే ఫారం తెలుగులో దొరుకుతోంది. చేర్చుకోవడానికి పనికొచ్చిన భాష, డబ్బు కోసినప్పుడు చెప్పడానికి పనికిరాదా? లావాదేవీ వివరాలు ఖాతాదారుకు అర్థమయ్యేలా పాస్‌బుక్‌లో రాయమని రిజర్వ్ బ్యాంకు 2017లోనే చెప్పింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో అర్థం కావడమంటే తెలుగులో ఉండడమే. కౌంటరు దగ్గర తెలుగు, సంతకం దగ్గర తెలుగు, లెక్క దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషు పొట్టి అక్షరాలు. మన ఆఫీసుల తీరంతా ఇదే, బ్యాంకు ఒక్కటే కాదు.

చిన్నమ్మ చేత రెండు కాగితాలు రాయించాను. బీమాకు ఒప్పుకుంటూ తను సంతకం చేసిన ఫారం నకలు ఇమ్మని ఒకటి, వచ్చే ఏడాది నుంచి ఈ ఖాతాలో కోత ఆపమని ఇంకొకటి. రెండింటికీ తేదీ, ముద్రతో రసీదు అడిగాం. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు. కౌంటరులో అమ్మాయి కాగితాలు తీసుకుని, "ఆంటీ, ఇది ఎప్పుడు పడిందో మీకు తెలీదా?" అని అడిగింది. మూడేళ్ల నుంచి పడుతోందట.