వ్యాకరణం కింద ఎర్రగీతలు గీశారు, రాని ఫైలు సంగతి చూడలేదు

ఉద్యోగ దరఖాస్తుతో పాటు వచ్చిన ఒక ఈమెయిల్ స్క్రీన్‌షాట్ కొద్దిరోజులుగా తిరుపతి, చిత్తూరు వైపు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. రేణిగుంట పరిసరాల్లోని ఒక సంస్థ అకౌంట్స్ అసిస్టెంట్ కావాలని ప్రకటన ఇస్తే, చిత్తూరు నుంచి ఒక బీకాం పట్టభద్రుడు పంపుకున్న మెయిల్ అది. అందుకున్నవారిలో ఎవరో దాని మీద ఎర్రగీతలు గీసి, పేరూ ఫోన్ నంబరూ కూడా చెరపకుండా బయటికి వదిలారు. ఇంటర్వ్యూకు పిలవలేదని వేరే చెప్పనక్కరలేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ మెయిల్లో పెద్ద తప్పే ఉంది. కానీ ఎర్రగీతలు పడింది దాని మీద కాదు.

వ్యక్తిగత వివరాలు తీసేస్తే మెయిల్ ఇంతే:

```
Subject: Applying for the post of Accounts Assistant

Respected Sir,
I am completed B.Com in 2023. I am having one year
experience in GST and Tally. Please find the attached
my resume and certificates for your kind reference.

[Resume_new(2).pdf]
```

మొదటి వాక్యంలో సహాయక క్రియ తప్పింది. రెండో వాక్యంలో ‘ఐ హావ్’ అనాల్సిన చోట ‘ఐ యామ్ హావింగ్’ వచ్చింది. మూడో వాక్యంలో ‘అటాచ్డ్’ ముందు ఒక ‘ద’ అదనంగా దూరింది. గీతలు గీసినవారు ఈ మూడింటినీ పట్టుకున్నారు, అక్కడితో ఆగారు. మూడో వాక్యాన్ని చివరిదాకా చదివి, కిందున్న ఫైలు పేరును ఒక్కసారి చూసి ఉంటే అసలు లోపం కనబడేది. రెజ్యూమే, సర్టిఫికెట్లు రెండూ పంపుతున్నానని అతను రాశాడు. వచ్చింది రెజ్యూమే ఒక్కటే. సర్టిఫికెట్లు లేవు.

అకౌంట్స్ విభాగంలో పని చేయబోయే మనిషి విషయంలో ఈ రెండు రకాల తప్పులకూ ఒకే తూకం వేయడం నాకు మింగుడుపడని సంగతి. అదనపు ‘ద’ వల్ల ఎవరికీ ఏమీ అర్థం కాకుండా పోలేదు, ఒక్క రూపాయీ తేడా రాలేదు. జత చేశానని రాసి జత చేయకపోవడం అలాంటిది కాదు. రేపు ఇదే యువకుడు ఆడిటర్‌కు ‘కొనుగోలు బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు పంపుతున్నాను’ అని రాసి బిల్లులు మాత్రమే పంపితే జీఎస్టీ రిటర్ను గడువు ముంచుకొస్తుంది. అతన్ని అడగాల్సిన ప్రశ్న అదే. అతని ఇంగ్లీషును చూసి నవ్వినవారు ఆ ప్రశ్న దాకా వెళ్లనే లేదు. అకౌంట్స్ మనిషిని ఎంచుకునేవారు చీటీలో రాసినదానికీ చేతికి వచ్చినదానికీ లెక్క సరిచూసుకోకపోవడం కంటే హాస్యాస్పదం ఏముంటుంది?

ఈ అటాచ్‌మెంట్ తప్పు ఎలా జరుగుతుందో తెలిసినవారికి దీన్ని క్షమించడమూ తెలుస్తుంది, సరిదిద్దడమూ తెలుస్తుంది. అందరూ అనుకునేది మరచిపోయాడని. చాలాసార్లు సంగతి వేరు. అభ్యర్థి మొదట ఒక మెయిల్ పంపుతాడు, జవాబు రాదు. వారం తరువాత అదే మెయిల్‌కు ‘రిప్లై’ నొక్కి మళ్లీ రాస్తాడు. పాత మాటలన్నీ కింద కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి ఫైళ్లు కూడా వెళ్లాయనుకుంటాడు. రిప్లైలో పాత ఫైళ్లు వెళ్లవు. ‘ఫార్వర్డ్’ చేస్తేనే వెంట వెళ్తాయి. అలా ఫార్వర్డ్ చేసినప్పుడు సబ్జెక్టు వరుసలో ముందుగా దరఖాస్తు చేసిన మరో కంపెనీ పేరు మిగిలిపోవడం ఇంకో ముచ్చట.

సర్టిఫికెట్ల దగ్గర చిక్కు మరీ ఎక్కువ. ఫోనుతో ఫొటోలు తీసి ఒక్కో పేజీ కలిపితే ఫైలు బరువెక్కుతుంది. జీమెయిల్ పరిమితి 25 ఎంబీ. అది దాటితే ఫైలు మెయిల్లో జతపడదు, గూగుల్ డ్రైవ్‌లోకి చేరి లింకుగా మారుతుంది. చూసే అనుమతి ఇవ్వకుండా ఆ లింకు పంపితే, అవతలివారికి తెరుచుకునేది సర్టిఫికెట్ కాదు, అనుమతి కోరమనే పేజీ. పంపినవాడి తెరమీద మాత్రం అంతా సవ్యంగానే ఉంటుంది, ఎందుకంటే ఫైలు అతని సొంతం. అందుకే పంపినవాడికి ఈ లోపం సులువుగా కనిపించదు. తెలుసుకునే తేలిక మార్గం: ఆ లింకును తన ఖాతా లేని మరో ఫోనులో తెరిచి చూడాలి. కొందరు గుర్తింపు కోసమని డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్ కూడా జత చేస్తారు. దానికి పాస్‌వర్డ్ ఉంటుంది, అవతలివారు తెరవలేరు. తొలి దరఖాస్తుతో ఆధార్ పంపాల్సిన అవసరమూ లేదు.

ఇక్కడ వ్యాకరణానికీ అటాచ్‌మెంటుకూ నిజంగానే ఒక లంకె ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మెయిల్లో ‘ఐ హావ్ అటాచ్డ్’ లాంటి మాట ఉండి ఫైలు లేకపోతే, పంపే ముందు జీమెయిల్ ఆపి అడుగుతుంది. ఆ హెచ్చరిక మాటను చూసి వస్తుంది. మాట వేరుగా రాస్తే అది రాకపోవచ్చు. మన అభ్యర్థి విషయంలో అయితే మాట సరిగ్గా రాసినా లాభం లేదు, ఎందుకంటే ఒక ఫైలు ఉంది. రెండు పంపుతున్నానని చెప్పి ఒకటే పెట్టాడని యంత్రం లెక్కపెట్టదు. కాబట్టి జత చేసిన ప్రతి ఫైలునూ మెయిల్లో పేరుతో చెప్పడం మేలు. వాక్యం ఇంత సాదాగా ఉంటే చాలు:

```
I have attached two files: my resume and my B.Com
marks memo.
```

‘రెండు’ అని రాసినవాడి కళ్లు తమంతట తామే కిందికి వెళ్లి లెక్కపెడతాయి. అందుకున్నవారికీ ఏది తక్కువైందో తెలుస్తుంది. ఫైళ్లు ముందు జత చేసి, మాటలు తరువాత రాసి, చిరునామా అన్నిటికంటే చివర నింపితే సగం మెయిల్ పొరపాటున వెళ్లిపోయే బెడదా ఉండదు. `Resume_new(2).pdf` అనే పేరు కూడా పంపినవాడికే అర్థమయ్యేది. అందుకున్నవారి కంప్యూటర్‌లో అలాంటి ‘రెజ్యూమే న్యూ’లు బోలెడు ఉంటాయి. అందులో తన పేరు, ఉద్యోగం పేరు ఉండాలి.

భాష కూడా ముఖ్యమే కదా అంటారు. నిజమే. విదేశీ ఖాతాదారులకు రోజూ ఇంగ్లీషులో రాయాల్సిన ఉద్యోగమైతే ఇంగ్లీషే పని, దాన్ని పరీక్షించాల్సిందే. అకౌంట్స్ ఉద్యోగంలోనూ కొన్ని వ్యాకరణ దోషాలు అర్థాన్ని మార్చేస్తాయి. ‘ఐ యామ్ వర్కింగ్’ అని రాస్తే ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నట్టు, ‘ఐ వర్క్డ్’ అంటే మానేసినట్టు. నోటీసు కాలం ఉందా లేదా, ఎప్పుడు చేరగలడు అన్నది ఆ ఒక్క క్రియ మీద ఆధారపడి ఉంటుంది. ఆ తప్పును ఎత్తిచూపితే నేనూ ఒప్పుకుంటాను. ఈ మెయిల్లో మాత్రం ‘ఐ యామ్ కంప్లీటెడ్’ పక్కనే 2023 అని ఉంది. అతను డిగ్రీ ముగించాడా లేదా అని సందేహపడే మనిషి ఉండడు.

ఇంతకీ ఆ యువకుడికి ఈ వాక్యాలు ఎక్కడినుంచి వచ్చాయి? ‘యువర్ కైండ్ రిఫరెన్స్’ అని మన ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. అది మన దఫ్తరాల ఇంగ్లీషు. దొరల కాలంలో గుమాస్తాలు కవరులో కాగితం పెట్టి రాసిన మాటలు, ఆ తరువాత ప్రభుత్వ లేఖల్లో స్థిరపడి, అక్కడినుంచి కాలేజీ రికార్డుల్లోకి, జెరాక్స్ షాపుల్లోని నమూనా లేఖల్లోకి దిగాయి. ‘ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్’ అన్న పదాల వరుస మామూలు ఇంగ్లీషు వాక్యంలా ఉండదు కాబట్టే, కంఠస్థం చేసినవాడు మధ్యలో ఒక ‘ద’ చేర్చి దాన్ని వాక్యంలా చేసుకుంటున్నాడు. నాకు అందులో తెలివితక్కువతనం కనిపించడం లేదు. మన చదువు అతనికి మంత్రం నేర్పింది, రాయడం నేర్పలేదు. మంత్రంలో అక్షరం తప్పితే అపచారం అన్నట్టు మనం ప్రవర్తిస్తున్నాం.

ఇంకా లోతుకు వెళ్దాం. 1966లో తెలుగును అధికార భాషగా చేస్తూ చట్టం తెచ్చుకున్న రాష్ట్రం మనది. 2019లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం తప్పనిసరి చేస్తూ జీవో ఇచ్చుకున్నదీ మనమే, మరుసటి ఏడాది దాన్ని హైకోర్టు కొట్టివేయగా చూసిందీ మనమే. ఈ వాదాలన్నీ బడి చుట్టూనే తిరిగాయి. బడి దాటాక ఏం జరుగుతుందన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. రేణిగుంట, శ్రీసిటీ, కరకంబాడి వైపు పరిశ్రమల్లో గోదాము దగ్గర మాట తెలుగు, తమిళ సరిహద్దు కావడంతో అప్పుడప్పుడూ తమిళం. లారీ డ్రైవరుతో, సరుకు ఇచ్చే వ్యాపారితో, బ్యాంకు గుమాస్తాతో తెలుగే. ఆ పనికి మనిషిని ఎంచుకునే తొలి జల్లెడ మాత్రం ఇంగ్లీషు మెయిల్. ఆ జల్లెడలో ఎవరు నిలుస్తారు? ట్యాలీ బాగా వచ్చినవారు అని చెప్పగలమా? పలమనేరు, పుంగనూరు పల్లెల్లో తెలుగు మాధ్యమంలో చదివిన అమ్మాయికీ, తిరుపతిలో కాన్వెంటులో చదివిన అబ్బాయికీ మధ్య ఆ మూడు వాక్యాలు చూపించే తేడా ఒక్కటే, ఎవరి తల్లిదండ్రులు ఎంత ఫీజు కట్టగలిగారన్నది.

పైగా, దరఖాస్తుదారుడి వివరాలు ఊరంతా తిప్పినవారిది భాషాదోషం కంటే పెద్ద దోషం. ఏ పనికోసం ఇచ్చిన సమాచారాన్ని ఆ పనికే వాడాలన్నది 2023లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి మూలసూత్రం. అతను ఫోన్ నంబరు ఇచ్చింది ఇంటర్వ్యూకు పిలవడానికి. ఆ స్క్రీన్‌షాట్ తయారు చేయడానికి పట్టిన సమయంలో ‘సర్టిఫికెట్లు అందలేదు, మళ్లీ పంపండి’ అని ఒక జవాబు రాసి ఉండవచ్చు. అతను ఎంతసేపట్లో, ఎంత సరిగ్గా పంపాడన్నది చూస్తే, ఆ ఉద్యోగానికి పనికొస్తాడో లేదో ఏ వ్యాకరణ పరీక్షా చెప్పనంత స్పష్టంగా తెలిసేది.

ఆ సంస్థ మళ్లీ ప్రకటన ఇస్తుందంటున్నారు. అందులో ఈ సంగతులు రాయమని నా సలహా: రెజ్యూమే, డిగ్రీ మార్కుల జాబితా, రెండే ఫైళ్లు, రెండూ పీడీఎఫ్‌లోనే, లింకులు వద్దు. ఫైలు పేరులో అభ్యర్థి పేరు ఉండాలి. మెయిల్ తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా చదువుతాం. ఏదైనా అందకపోతే రెండు రోజుల్లో మేమే తెలియజేస్తాం.