అక్షరాలు మార్చడం సగం పనే అండీ!

మా పెదనాన్న 2004లో సొంత డబ్బుతో ఒక శతకం వేయించుకున్నారు. మళ్లీ వేద్దామని డీటీపీ చేసినాయన దగ్గరికి వెళ్తే, సీడీ ఇచ్చి "ఫైల్ ఇందులోనే ఉంది" అన్నాడు. తెరిచి చూస్తే పౌండ్ గుర్తులు, డిగ్రీ గుర్తులు, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలు! "ఫైల్ కరప్ట్ అయింది, మళ్లీ టైప్ చేయించుకోండి" అని ఇద్దరు ముగ్గురు తేల్చేశారు.

ఏమీ కరప్ట్ కాలేదు. ఆ రోజుల్లో ఫాంట్ తయారుచేసినవాళ్లు ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు కూర్చారు. ఒక గడిలో గుడి, ఒక గడిలో తవత్తు, ఇలా. ఫైల్లో ఉన్నది ఆ గళ్ల నంబర్లే. ఫాంట్ ఉంటే తెలుగులా కనిపిస్తుంది, లేకపోతే అసలు గుర్తులు బయటపడతాయి. అంతే.

సరే, వీటిని ఇప్పటి యూనికోడ్ తెలుగులోకి మార్చే సాధనాలు ఉన్నాయి కదా అని పేజీలన్నీ కాపీ చేసి ఒక దాంట్లో పోశాను. "మంచి" కాస్తా "వుంచి" అయింది. ఆ ఫాంట్‌లో 'మ' అంటే 'వ' పక్కన ఒక కొమ్ము ముక్క. ఏ ముక్కకు ఏ అక్షరమో చెప్పే పట్టికలో రెండు ముక్కల జంటను ముందు వెతికి, ఆ తర్వాతే ఒంటి ముక్కలు చూడాలి. లేకపోతే పుస్తకంలోని మకారాలన్నీ ఇలాగే తగలడతాయి. "స్త్రీ" ఇంకో తలనొప్పి. పాత ఫాంట్‌లో కంటికి కనిపించే వరస: ముందు క్రావడి, తర్వాత సీ, ఆ తర్వాత తవత్తు. యూనికోడ్‌లో మాత్రం పలికే వరస: స, పొల్లు, త, పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. వరస తప్పిందని పట్టుకోవడం తేలికే, వత్తో గుణింతమో చుక్కల వలయం మీద వేలాడుతూ కనిపిస్తుంది.

ఇవన్నీ సరిచేసినా నా కోపం పోలేదు. ఎందుకంటే అప్పటికి పుస్తకం పుస్తకంలా లేదు! పద్యం బోల్డ్‌లో, తాత్పర్యం చిన్న అక్షరాల్లో, మధ్యలో ఇంగ్లిష్‌లో సంవత్సరాలు. కాపీ పేస్ట్‌లో అన్నీ ఒకే ముద్ద అయిపోయాయి. పైగా ఇంగ్లిష్ అంకెల్ని కూడా తెలుగు ముక్కలనుకుని మార్చేసింది.

కాబట్టి టెక్స్ట్‌ను బయటికి తీయకండి, ఫైల్ లోపలే మార్చండి. నేను చేసింది చెప్తాను. పాత .doc ఫైల్‌ను .docx గా సేవ్ చేశాను. అది నిజానికి ఒక జిప్ మూట. లోపల `word/document.xml` లో సాధారణంగా ప్రతి టెక్స్ట్ ముక్కా ఏ ఫాంట్‌లో ఉందో రాసి ఉంటుంది. పాత ఫాంట్ పేరున్న ముక్కల్నే మార్చి, మిగతావాటిని ముట్టుకోకూడదు. ఒక చిక్కేమిటంటే, వర్డ్ ఒక్కోసారి అక్షరాన్ని ఒక ముక్కలో, దాని వత్తును పక్క ముక్కలో పెడుతుంది. ఒకే ఫార్మాట్ ఉన్న పక్కపక్క ముక్కల్ని ముందు కలిపి, ఆ తర్వాత మార్చాలి.

మార్చి తెరిస్తే బోల్డ్ మాయం, సైజు కూడా మారిపోయింది. ఒక పూట తల పట్టుకున్నాక అర్థమైంది. వర్డ్ తెలుగును వేరే లెక్కలో చూస్తుంది, దాని బోల్డ్ వేరు, సైజు వేరు. పాతవాటి పక్కనే వీటినీ రాయాలి:

```
<w:b/><w:bCs/>
<w:sz w:val="28"/><w:szCs w:val="28"/>
```

28 అంటే 14 పాయింట్లు, అక్కడ అర పాయింట్ల లెక్క. ఫాంట్ పేరు కూడా `w:rFonts` లోని `w:cs` దగ్గర ఇవ్వాలి. నేను నోటో సెరిఫ్ తెలుగు పెట్టాను, దానికి నిజమైన బోల్డ్ ఉంది.

ముందుమాటలో "సాఫ్ట్‌వేర్" అనే మాట "సాఫ్ట్వేర్" అయి కూర్చుంది. పాత ఫాంట్‌లో పొల్లు విడిగా ఉన్న గుర్తు. దాని తర్వాత హల్లు వస్తే మధ్యలో కంటికి కనిపించని U+200C అనే గుర్తు పెట్టాలి, లేకపోతే రెండూ అతుక్కుంటాయి. ఈ ఒక్క నియమం కొన్ని సాధనాలు పట్టించుకోవు.

ఇంత చేశాక 64 పేజీల పుస్తకం 71 అయింది. వత్తులకు చోటివ్వడానికి కొత్త ఫాంట్ వరసల మధ్య ఎక్కువ ఖాళీ వదులుతుంది. లైన్ స్పేసింగ్ Exactly అని పెట్టి 20 పాయింట్లు ఇస్తే 65కి వచ్చింది. అంతకంటే తగ్గిస్తే కింది వత్తులు తెగిపోతున్నాయి. ఆ మిగిలిన ఒక్క పేజీ గురించి పెదనాన్నకు ఫోన్ చేస్తే, "విషయసూచికలో అంకెలు మార్చెయ్యరా, పద్యాన్ని మాత్రం రెండు పేజీల్లోకి చీల్చకు" అన్నారు.